స్విచ్ వేసింది ఒకరు, నేరం మరొకరిది: నెల్లూరు రొయ్యల గుంట కేసు

ఇందుకూరుపేట మండలంలో సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల గుంట గట్టు మీద, తెల్లవారుజామున ఒక మనిషి కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. పక్క పాలెంలో ఉంటాడు. పీతల కోసం కాలువకు వెళ్తూ, ఎప్పటిలాగే గట్టు మీదుగా అడ్డదారిన వచ్చాడు. గట్టు అంచున మోకాలి ఎత్తులో కట్టిన జీఐ తీగ చీకట్లో కనబడలేదు. పోస్టుమార్టం రిపోర్టులో ఎడమ కాలి ముందెముక మీద కాలిన గుర్తు, మరణానికి కారణం విద్యుదాఘాతం అని రాశారు.

గుంట లీజుకు తీసుకున్న రైతును ఏ1గా, రాత్రి కాపలా ఉండే మనిషిని ఏ2గా పెట్టి పోలీసులు చార్జిషీటు వేశారు. ఐపీసీ 304 రెండో భాగం, అంటే హత్య కాని మానవ హననం, దానికి తోడు ఉమ్మడి ఉద్దేశం గురించిన 34. నేను వాదించింది ఏ2 తరఫున. పేర్లు, ఊరు, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చి రాస్తున్నాను. ఘటన 2024 జూలై 1కి ముందుది కాబట్టి విచారణ మొత్తం పాత ఐపీసీ కిందే జరిగింది. కొత్త చట్టంలో ఏ సెక్షన్ ఏమైందో చివర్లో చెబుతాను.

కేసులో ఎవరూ కాదనని విషయాలు మూడున్నాయి. తీగ కట్టించింది ఏ1. ఆ రాత్రి పది గంటలకు స్విచ్ వేసింది ఏ2. ఆ తీగ తగలడం వల్లే మనిషి పోయాడు. వీటిని బట్టి చూస్తే స్విచ్ వేసినవాడే చంపాడని ఎవరికైనా అనిపిస్తుంది. పాలెంలో అందరూ అదే అన్నారు. ఏ2 కూడా మొదటిసారి నా దగ్గరకు వచ్చినప్పుడు, "నా చేత్తోనే పోయాడు సార్, నేనేం చెప్పుకునేది" అన్నాడు.

క్రిమినల్ చట్టం మాత్రం ఒకే ప్రశ్న అడిగి ఊరుకోదు, రెండు అడుగుతుంది. ఏం జరిగింది, ఎవరి చర్య వల్ల జరిగింది అన్నది మొదటిది. లా కాలేజీలో దీన్నే యాక్టస్ రియస్ అని చెబుతారు. ఆ పని చేస్తున్నప్పుడు ఆ మనిషి మనసులో ఏముంది అన్నది రెండోది. అది మెన్స్ రియా. మన ఐపీసీలో ఈ రెండు లాటిన్ మాటలూ ఎక్కడా కనబడవు. చట్టం ఏ నేరానికి ఆ నేరానికి విడిగా ఎలాంటి మనసు ఉండాలో చెబుతుంది: ఉద్దేశం, ఎరుక, మోసపు తలంపు, దుడుకుతనం, నిర్లక్ష్యం. అందుకని "మెన్స్ రియా ఉందా లేదా" అని గంపగుత్తగా అడిగితే కోర్టులో పని జరగదు. ఈ సెక్షన్‌కు ఏ రకం మనసు కావాలి, అది ఈ మనిషి దగ్గర ఉందా అని అడగాలి.

మా కేసుకు కావలసింది ఎరుక. 304 రెండో భాగం పడాలంటే, తను చేసే పని వల్ల ప్రాణం పోయే అవకాశముందని ఆ మనిషికి నిజంగా తెలిసుండాలి. చంపాలన్న కోరిక అక్కర్లేదు. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైన నేరం 304ఏ. దానికి ఆ ఎరుక కూడా అక్కర్లేదు. జాగ్రత్త గల మనిషికి తట్టాల్సిన ప్రమాదం తట్టకుండా, దుడుకుగా లేదా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే చాలు. "తెలుసు" అన్నది 304 రెండో భాగం, "తెలిసుండాల్సింది" అన్నది 304ఏ. మొదటిదానికి పదేళ్ల దాకా శిక్ష ఉంది, బెయిల్ ఇవ్వడం కోర్టు ఇష్టం. రెండోదానికి అప్పట్లో గరిష్ఠంగా రెండేళ్లు, బెయిల్ హక్కుగా దొరుకుతుంది. ఎఫ్ఐఆర్‌లో మొదట 304ఏ పెట్టి, తర్వాత మెమో వేసి 304 రెండో భాగానికి మార్చడంతో నా క్లయింటు చెముడుగుంట జైలుకు పోవాల్సి వచ్చింది. మనసు గురించిన చర్చ పుస్తకాల్లోదే అనుకునేవాళ్లు ఆ ఒక్క మెమో చూస్తే చాలు.

వకాల్తా దగ్గరే నేను ఒక విషయం పట్టుబట్టాను. ఏ1 ఇద్దరికీ కలిపి ఒకే వకీలును పెట్టి, ఫీజు తనే ఇస్తానన్నాడు. మన జిల్లాల్లో ఇది మామూలే. యజమాని, పనివాడు ఒకే కేసులో ఉంటే ఒకే వకాల్తా మీద సంతకాలు పడతాయి. ఇద్దరి చర్య ఒకటే అయినా ఇద్దరి ఎరుక వేరు అనిపించినప్పుడు అలా చేయకూడదు. ఒకరికి పనికొచ్చే ప్రశ్న ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు ఇద్దరినీ కాపాడబోయే వకీలు చివరికి పనివాడి ప్రశ్నలే మింగేస్తాడు. అందుకే ఏ2కు విడిగా వకాల్తా వేశాను.

విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని సీఆర్పీసీ 227 కింద పిటిషన్ వేస్తే కొట్టేశారు. కొట్టేయడం సబబే అనుకుంటాను. ఆ దశలో జడ్జి గారు చూసేది ప్రాథమికంగా అనుమానించే ఆధారం ఉందా అనే. మనిషికి ఏం తెలుసో ఏం తెలియదో సాక్ష్యం నడిస్తే గాని బయటపడదు.

మనసును సాక్ష్యంతో రుజువు చేయడం ఎలా? లోపల ఏమనుకున్నాడో ఎవరూ చూడలేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నాడని రాసుకుంటే, ఎవిడెన్స్ యాక్ట్ 25 ప్రకారం అది చెల్లదు. మిగిలేది చుట్టూ ఉన్న వస్తువులు, ముందు జరిగినవి, తర్వాత చేసినవి. ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది ఒక ప్లాస్టిక్ పెట్టె మీద.

సంఘటనా స్థలం ఫోటోల్లో మోటారు షెడ్డు లోపలి గోడ ఉంది. స్టార్టర్ బాక్సు పక్కన పచ్చరంగు పెట్టె ఒకటి, దాని కింద బ్యాటరీ, టెర్మినళ్ల మీద తెల్లటి చిలుము. పంచనామాలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది. సీజ్ కూడా చేయలేదు. అది సోలార్ కంచెలకు పెట్టే ఎనర్జైజర్. ఆ మిషన్ తీగలోకి కరెంటును ఆపకుండా పంపదు. సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వందో వంతు కూడా ఉండని చిన్న దెబ్బలుగా పంపుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా దెబ్బ కొట్టి వదిలేస్తుంది, తగిలినవాడు వెనక్కి ఎగిరిపడతాడు. నేరుగా లైను నుంచి తీసిన 230 వోల్టులు అలా కాదు. తడి కాళ్లతో, ఉప్పు చెమ్మ ఉన్న నేల మీద నిలబడ్డ మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుంటే, 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. గుండె లయ తప్పడానికి వంద చాలు. పది దాటితే చాలు, కండరాలు బిగుసుకుని పట్టిన తీగను వదలలేవు.

ఘటన నాటికి ఆ ఎనర్జైజర్ చచ్చిపోయి ఉంది. తీగను దాన్నుంచి తప్పించి, స్టార్టర్ బాక్సు కింది టెర్మినల్ నుంచి ఒక ఫేజు లాగి ఇన్సులేషన్ టేపు చుట్టి కలిపారు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఇది స్పష్టంగా ఉంది. క్రాస్‌లో నేను ఆయన్ని అడిగింది ఇంకోటి: ఎనర్జైజర్ నుంచి వచ్చే వైరు, స్టార్టర్ నుంచి వచ్చే వైరు రెండూ ఒకే పీవీసీ పైపులోంచి బయటికి పోతున్నాయా? అవునన్నారు. స్విచ్ బోర్డు పచ్చ పెట్టెకు ఆనుకునే ఉందా? అవునన్నారు. కరెంటు పని తెలియని మనిషి షెడ్డులో నిలబడి చూస్తే తీగకు సరఫరా ఎక్కడ్నుంచి పోతోందో చెప్పగలడా? పైపు విప్పితే గాని చెప్పలేడన్నారు. ఏ2కు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదానికి ఆ మూడు జవాబులే పునాది.

దాని మీద నిలిచింది మేత వేసే కుర్రాడి సాక్ష్యం. అతను ప్రాసిక్యూషన్ సాక్షి. ఏ2 పనిలో చేరిన రోజు ఏ1 స్విచ్ చూపించి ఏం చెప్పాడని అడిగాను. "ఇది సోలార్ కంచె, జర్కు కొడతది అంతే, రాత్రి వేసి పొద్దున తీసెయ్ అన్నాడు" అని చెప్పాడు. ఏ1 వకీలు మళ్లీ క్రాస్ చేసినా ఆ మాట కదల్లేదు. ఇద్దరికీ ఒకే వకీలు ఉంటే ఆ ప్రశ్న అసలు పుట్టేది కాదు.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు గట్టిగానే వాదించారు. ఎనర్జైజర్ నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది, లైటు మినుకుమంటుంది. ఈ పెట్టెలో రెండూ లేవు. ఆ షెడ్డులోనే పడుకునే మనిషికి అది పనిచేయట్లేదని తెలియదా? మంచి వాదనే, అయితే అది ఎటు పోతుందో చూడండి. చప్పుడు లేదు కాబట్టి అనుమానించాల్సింది అని గదా ఆయన అంటున్నది. అది "తెలిసుండాల్సింది" వైపు పోయే వాదన, "తెలుసు" అని రుజువు చేసేది కాదు. అంతకు ముందు ఎనర్జైజర్ ఎలా పనిచేస్తుందో చూడని మనిషికి, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో లేని చప్పుడు లోటుగా తోచాలనడం కూడా ఎక్కువే. ఎరుకను కొలిచేటప్పుడు కోర్టు కూర్చోవాల్సింది ముద్దాయి స్థానంలో. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ స్థానంలో కూర్చుంటే అందరూ దోషులే అవుతారు.

ఘటన తర్వాతి ప్రవర్తన కూడా లెక్కకు వస్తుంది. కేక విని ఏ2 స్విచ్ ఆపి, పాలెం దాకా పరుగెత్తి మనుషుల్ని లేపుకొచ్చాడు. ఆ మధ్యలో ఫోన్ చేస్తే ఏ1 బండి మీద వచ్చి, 108 వచ్చేలోపే తీగ చుట్టి సర్కారు తుమ్మ పొదల్లో పడేశాడు. తర్వాత అతను చూపిస్తేనే పోలీసులు దాన్ని బయటికి తీశారు. ఒక్కడు సహాయానికి పరుగెత్తాడు, ఇంకొకడు తీగ దాచడానికి వచ్చాడు. పారిపోయినంత మాత్రాన, దాచినంత మాత్రాన నేరం రుజువు కాదు. భయపడి కూడా దాస్తారు. మిగతా సాక్ష్యంతో కలిపి చూసినప్పుడే దానికి బరువు.

ఏ1 విషయంలో ఆ మిగతా సాక్ష్యం ఉంది. ఏ2కు ముందు కాపలా ఉన్న మనిషి కోర్టుకు వచ్చి చెప్పాడు. అదే తీగకు ఒక కుక్క తగిలి అక్కడికక్కడే చచ్చిపోయిందని, ఏ1 స్వయంగా చూసి గట్టు పక్కనే పూడ్పించాడని, అది చూశాక తను భయపడి పని మానేశానని. ఎవిడెన్స్ యాక్ట్ 14 ప్రకారం, మనసు స్థితి తేల్చాల్సి వచ్చినప్పుడు ఇలాంటి వెనకటి సంగతులు సాక్ష్యంగా పనికొస్తాయి. ఆ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో కూడా ఒక కుక్క ఉంది. అది అంతకు ముందు కరిచిందని, ఆ ఫిర్యాదులు యజమానికి చేరాయని చూపిస్తే, అది కరిచే కుక్కని అతనికి తెలుసని నిరూపించవచ్చు. మా కేసులో కుక్క చావు తీగ సంగతి ఏ1కు తెలిపింది. కొత్త కాపలాదారుకు ఆ సంగతి చెప్పకుండా "జర్కు అంతే" అన్నాడు. పాలెం వాళ్లు ఆ గట్టు మీద నడుస్తారని, దారి మూయమని అతనే రెండుసార్లు గొడవపడ్డాడని కూడా సాక్ష్యంలో వచ్చింది. తీగ చంపుతుందని తెలుసు, అక్కడికి మనుషులు వస్తారని తెలుసు. ఎరుకకు కావలసిన రెండు సగాలూ కలిశాయి.

ఏ1 వకీలు సీనియర్. ఆయన వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి మా వాడు గుంట దగ్గర లేడు, స్విచ్ ముట్టలేదు, కాబట్టి అతని వైపు చర్య లేదు. స్విచ్ వేసినవాడికి ఎరుక లేదని ఏ2 వకీలే అంటున్నారు, కాబట్టి అటువైపు మనసు లేదు. చర్య ఒకరి దగ్గర, మనసు ఇంకొకరి దగ్గర ఉంటే నేరం పూర్తి కాదు, ఇద్దరినీ వదిలేయాలి అన్నారు.

వినడానికి పకడ్బందీగా ఉంటుంది. దీనికి జవాబు మానవ హననాన్ని నిర్వచించే 299 సెక్షన్ కింద చట్టమే రాసిన ఉదాహరణల్లో ఉంది. పొద వెనక ఒక మనిషి ఉన్నాడని ఒకడికి తెలుసు, రెండోవాడికి తెలియదు. తెలిసినవాడు తెలియనివాడిని పురికొల్పి పొద మీద కాల్పించాడు. కాల్చినవాడు ఏ నేరమూ చేయనట్టు కావచ్చు, కాల్పించినవాడు మాత్రం ప్రాణం తీసిన నేరానికి దోషి. ఏమీ ఎరగని మనిషి చేతిని వాడుకుంటే ఆ చర్య వాడుకున్నవాడి ఖాతాలోనే పడుతుంది. ఏ1 చర్య ఆ రాత్రి పది గంటలకు మొదలవలేదు. ఫేజు లాగినప్పుడు, కుక్క చచ్చాక కూడా దాన్ని తీయనప్పుడు, కొత్త మనిషికి అబద్ధం చెప్పి స్విచ్ అప్పగించినప్పుడు మొదలైంది. అదే సెక్షన్‌లో ఇంకో ఉదాహరణ కూడా మాకు దగ్గరిదే: గోతి మీద పుల్లలు, పచ్చిక పరిచి, మనిషి పడి చచ్చే అవకాశముందని తెలిసీ వదిలేసినవాడు. గట్టి నేల అనుకుని అడుగేసినవాడు పోతే, అక్కడ లేకపోయినా నేరం గోతి కప్పినవాడిదే.

ప్రాసిక్యూషన్ 34 పెట్టింది గదా, ఉమ్మడి ఉద్దేశం కింద ఇద్దరూ ఒకటే కాదా అని జూనియర్లు అడుగుతుంటారు. కలిసి పని చేయడం వేరు, కలిసి అనుకోవడం వేరు. ఎరుక ఉంటేనే నేరమయ్యే పనిని పలువురు చేసినప్పుడు, ఆ ఎరుకతో పాల్గొన్నవాడే బాధ్యుడని 35 చెబుతుంది. ఒకే చర్యలో పాల్గొన్నవాళ్లు వేర్వేరు నేరాలకు దోషులు కావచ్చని 38 చెబుతుంది. నా వాదనకు చట్టపరంగా ఆ రెండు సెక్షన్లే ఆధారం.

చనిపోయిన మనిషి బంధువులు ఏ1 మీద హత్య సెక్షన్ 302 పెట్టాలని కోరారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. హత్యకూ హత్య కాని మానవ హననానికీ తేడా ఎక్కడుందో సుప్రీంకోర్టు 1976లో అప్పటి గుంటూరు జిల్లా రొంపిచెర్ల కేసులో, రాయవరపు పున్నయ్య తీర్పులో, మెట్లుమెట్లుగా విడదీసి చెప్పింది. తెలుగువాళ్ల కేసే కాబట్టి చెప్పడం లేదు, ఇప్పటికీ దేశమంతా ఆ తీర్పే చదువుతారు. ఎరుక మీద ఆధారపడి హత్య అనాలంటే, దాదాపు తప్పకుండా ప్రాణం తీసేంత ప్రమాదకరమైన పని అయి ఉండాలి, అది ఆ మనిషికి తెలిసి ఉండాలి. మోకాలి ఎత్తు తీగ, రాత్రి వేళ మాత్రమే కరెంటు. ప్రాణం పోవచ్చని తెలుసనేదాకా సాక్ష్యం ఉంది, తప్పకుండా పోతుందని తెలుసనేదాకా లేదని కోర్టు అభిప్రాయపడింది.

చనిపోయిన మనిషి మందు తాగి ఉన్నాడని, రొయ్యలు దొంగిలించడానికే వచ్చాడని కూడా ఏ1 తరఫున అన్నారు. కోర్టు దాన్ని పట్టించుకోలేదు. మరుగుదొడ్డికి వెళ్లే దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టి ఒక ప్రాణం పోవడానికి కారకుడైన బీహార్ మనిషి కేసులో, చెరుబిన్ గ్రెగరీ తీర్పులో, 1963లోనే సుప్రీంకోర్టు తేల్చింది: అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ పోగొట్టుకోడు. అక్కడ ఖరారైంది 304ఏ శిక్ష. ఆ తీర్పు చూపించి మాకూ 304ఏనే అని ఏ1 వకీలు అడిగారు. మా కేసులో కుక్క ఉంది. తేడా అదే.

చివరికి ఏ1కు 304 రెండో భాగం కింద శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు నడుస్తోంది. ఏ2ను ఆ నేరం నుంచి విడుదల చేశారు. కనీసం 304ఏ అయినా పడాలని ప్రాసిక్యూషన్ ప్రత్యామ్నాయంగా అడిగింది. యజమాని మాట, ఎదురుగా కనబడే పెట్టె, పైపులో దాగిన వైరు, కొత్తగా చేరిన పని, ఇవన్నీ చూశాక అది నేరమయ్యేంత నిర్లక్ష్యం కాదని జడ్జి గారు రాశారు.

తీర్పు రోజు కోర్టు బయట చనిపోయిన ఆయన భార్య నన్ను నిలదీసింది. "స్విచ్ వేసింది వాడే గదా సార్, ఎట్టా వదిలేశారు?" అంది. "అమ్మా, ఆ తీగ చంపుతుందని అతనికి తెలియదు. తెలిసినవాడికి శిక్ష పడింది" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను అనుకోవడం తప్పు. నష్టం ఎంత అన్నది ఆమె ప్రశ్న, మనసులో ఏముంది అన్నది సెషన్స్ కోర్టు ప్రశ్న. ఆమె ప్రశ్నకు నష్టపరిహారం వైపు వేరే దారులున్నాయి. అక్కడ మనసును ఇంత సన్నగా వడపోయరు. ఆ దరఖాస్తు ఎక్కడ వేయాలో చెప్పి పంపాను.

ఇప్పుడు ఇలాంటిదే జరిగితే కేసు భారతీయ న్యాయ సంహిత కింద నడుస్తుంది. 299 ఇప్పుడు 100 అయింది, ఉదాహరణలు అలాగే ఉన్నాయి. 304 బదులు 105 వచ్చింది. 304ఏ స్థానంలో 106 ఒకటో ఉపవిభాగం వచ్చి గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. 34, 35, 38 సెక్షన్లు మూడో సెక్షన్‌లోకి చేరాయి. అంకెలు మారినా ఎరుకకూ నిర్లక్ష్యానికీ మధ్య గీత అక్కడే ఉంది. నిర్లక్ష్యానికి శిక్ష పెరిగింది కాబట్టి, కింది సెక్షన్‌కు తగ్గితే చాలు గెలిచినట్టే అనుకునే డిఫెన్స్ వకీళ్లు ఇక అలా అనుకోవడానికి లేదు.

ఈ కేసులో ఒక్క సంగతి మార్చి చూడండి. ఏ2 ఓ వారం ముందు చేరి, ఆ కుక్కను పూడ్చడానికి తనే పార పట్టాడనుకోండి. తీగ అదే, స్విచ్ అదే, ఏ1 చెప్పిన "జర్కు అంతే" అన్న మాట కూడా అదే. అప్పుడు పచ్చ పెట్టె గురించి నేను ఎన్ని ప్రశ్నలు వేసినా, ఏ1 పక్కనే ఏ2 కూడా అదే సెక్షన్ కింద నిలబడేవాడు.